మిరుగం వానల్లో కొత్త సేఫ్టీ బూట్లు: మడమ పుండు పడకుండా జాగ్రత్తలు

మిరుగం దాటి వానలు పట్టుకున్నాయంటే గాయాలకు కట్లు కట్టే మా డ్రెస్సింగ్ గదికి మడమ తోలు లేచిపోయినవాళ్లు రావడం మొదలవుతుంది. మా చంద్రపూర్ జిల్లాలో బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్ వైపు గనుల్లోనో ఫ్యాక్టరీల్లోనో కొత్తగా పనికి కుదిరిన కుర్రాళ్లే వీళ్లలో ఎక్కువ. ఇన్నాళ్లూ చెప్పులతో తిరిగిన కాలిని ఒక్కసారిగా ముందు ఇనుప రేకున్న బూటులోకి తోసి, ఎనిమిది గంటలు నిలబెడతారు. చెప్పులేసుకుని వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు, ఆపాలి కూడా. కాబట్టి "తగ్గేదాకా బూటు వేసుకోకు" అనే సలహా వీళ్లకు పనికిరాదు. బూటు వేసుకుంటూనే ఏం చేయొచ్చో, ఎప్పుడు మాత్రం వేసుకోకూడదో తెలియాలి.

బూటు కరిచిందంటే తోలు పైపైన గీసుకుపోయిందని అనుకుంటాం. పొక్కు పుట్టేది అలా కాదు. నడిచినప్పుడల్లా లోపలి మడమ ఎముక కదులుతుంది. పైచర్మమేమో సాక్సుకు, బూటుకు పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్య సాగిసాగి చర్మం లోపలి పొరలు విడిపోతాయి. ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. చెమటతో తడిసిన చర్మం సాక్సును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, పైగా మెత్తబడి తొందరగా చిరుగుతుంది. వానాకాలంలో ఈ బాధ పెరగడానికి కారణం అదే. బూటు బిగుతుగా ఉంటేనే కరుస్తుందనేది సగం నిజం. మడమ దగ్గర వదులై, అడుగడుక్కీ పైకి లేచి దిగే బూటు ఇంకా పాడు చేస్తుంది.

కొనుక్కునేవాళ్లు సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పనిలో వేసుకునే సాక్సులతోనే తొడిగి చూడండి. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి, నడిస్తే మడమ లేవకూడదు. కంపెనీ ఇచ్చిన జతే వేసుకోవాల్సినవాళ్లకు ఈ వీలు లేదు. కానీ సైజు తేడా ఉంటే మొదటిరోజే, బూటుకు బురద అంటకముందే మార్పించుకోండి. అంటాక ఎవరూ వెనక్కి తీసుకోరు.

పనికి ముందు నాలుగైదు సాయంత్రాలు ఇంట్లోనే తొడుక్కుని తిరగాలి. మొదట అరగంట, తర్వాత గంట, రెండు గంటలు. వెనక అంచును చేత్తో మెల్లగా వంచి వంచి మెత్తబరచొచ్చు. కొందరు రాయితో చితకబాదుతారు. దాంతో మడమను పట్టి ఉంచే గట్టి భాగం విరిగి, బూటు అటూ ఇటూ ఆడుతుంది, కరవడం ఎక్కువవుతుంది. లేసులు కట్టేటప్పుడు కూర్చుని మడమను వెనక్కి ఆనించి, వేళ్ల దగ్గర కొంచెం వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా బిగించాలి. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి కడతారు. సాక్సులు రెండు జతలు ఉండాలి. టిఫిన్ వేళ తడిసినవి తీసి, కాలు తుడుచుకుని, పొడివి వేసుకోవడం పౌడరు చల్లుకోవడం కన్నా మేలు. పౌడరు చెమటకు ఉండలు కట్టి అదే గీకుతుంది.

ఎర్రబడి మంట పుట్టినప్పుడే

పొక్కుకు ముందు మడమ మీద ఒకచోట వేడిగా, చురుక్కుమంటూ ఉంటుంది. చామనఛాయ, నల్లటి చర్మం మీద ఎరుపు సరిగా కనబడదు కాబట్టి వేలితో తాకి చూసుకోవాలి. అప్పుడే ఆగి బూటు విప్పితే సగం కష్టం తప్పుతుంది. కాలు పూర్తిగా ఆరనిచ్చి, మెడికల్ షాపులో మైక్రోపోర్ అని అడిగితే ఇచ్చే కాగితం టేపును ముడతలు లేకుండా ఒక్క పొర అంటించండి. టేపు మూలలు గుండ్రంగా కత్తిరిస్తే సాక్సుకు తట్టుకుని లేవదు. మందంగా ఉండే గుడ్డ ప్లాస్టర్ నేను వాడనివ్వను. సాయంత్రం దాన్ని పీకితే పొక్కు తోలు కూడా దాంతోపాటే వస్తుంది.

ఇంకొక మాట. మెడికల్ షాపులో మధ్యలో గుండ్రంగా ఉండే కార్న్ క్యాప్ అమ్ముతారు. ఒత్తిడి తగ్గుతుందని కొందరు దాన్నే మడమకు అంటించుకుంటారు. అందులో ఉండేది ఆనెకాయను కరిగించే శాలిసిలిక్ యాసిడ్. పొక్కు మీద పెడితే పచ్చి చర్మాన్ని కాలుస్తుంది. కావలసింది మందు లేని ఫోమ్ ముక్క. మధ్యలో పొక్కు కన్నా కొంచెం పెద్ద రంధ్రం చేసి, పొక్కు చుట్టూ వచ్చేలా అంటించాలి, పొక్కు మీద కాదు.

పొక్కు లేచాక గిల్లాలా వద్దా అని అందరూ అడుగుతారు. చిన్నదై, నొప్పి లేకపోతే ముట్టుకోవద్దు. దాని తోలే అన్నిటికన్నా మంచి కట్టు. రూపాయి బిళ్లంత పెద్దదై, బిగుసుకుపోయి, బూటు వేస్తే ఎలాగూ పగిలేట్టుంటే మాత్రం మనమే నీరు తీయడం మంచిది. చేతులు సబ్బుతో కడుక్కుని, పొక్కును కూడా సబ్బునీళ్లతో కడిగి, స్పిరిట్‌తో తుడిచిన కొత్త సూదితో అంచు దగ్గర, కింది వైపు రెండు మూడు చోట్ల గుచ్చండి. గాజ్ గుడ్డతో మెల్లగా ఒత్తి నీరు తీసి, తోలును అలాగే కిందికి అంటుకోనివ్వండి. దాన్ని కత్తిరించకండి. లోపల రక్తం ఉన్న పొక్కును, చీములా తెల్లబడిన పొక్కును ఇంట్లో గుచ్చకూడదు. షుగర్ ఉన్నవాళ్లు ఏ పొక్కునూ గుచ్చుకోకూడదు.

తోలు ఊడి పచ్చిగా బయటపడితే

ఇలాంటి పుండుతోనే కిందటి వానల్లో ఒక కుర్రాడు వచ్చాడు. సోమవారం కొత్త బూట్లు, ఆ సాయంత్రానికి పొక్కు, మంగళవారం అది పగిలింది. పసుపు, కాఫీపొడి అద్ది, పైన దూది పెట్టి, దాని మీదే సాక్స్ వేసుకుని బురదలో పనిచేశాడు. బుధవారం వచ్చేసరికి దూది, పొడి, రసి అన్నీ కలిసి ఎండి గట్టిపడ్డాయి.

"పీకెయ్ అన్నా, ఒక్కసారి ఓర్చుకుంట" అన్నాడు.

"పీకితే కొత్త తోలు కూడా వస్తది తమ్మీ, నాననియ్" అని కాచి చల్లార్చిన నీళ్లతో పావుగంట తడిపాను. దూది తనంతట తానే వదిలింది. తర్వాత మామూలు సబ్బు, ధారగా నీళ్లు. పచ్చి పుండును కడగడానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. నురగొచ్చే పెరాక్సైడ్, నీళ్లు కలపని డెట్టాల్ క్రిములతోపాటు కొత్తగా పుడుతున్న చర్మాన్నీ చంపుతాయి. పసుపును తిట్టడం నా ఉద్దేశం కాదు, కానీ వంటింటి డబ్బాలోని పసుపు శుభ్రమైనది కాదు, పుండులో ఇరుక్కుని కింద ఏముందో కనబడనివ్వదు.

కడిగాక చుట్టూ ఉన్న చర్మాన్ని అద్ది ఆరబెట్టాను. మట్టి పట్టి ముడుచుకుపోయిన తోలు ముక్కను మాత్రం శుభ్రమైన కత్తెరతో తీసేశాను. శుభ్రంగా ఉన్న తోలును పరిచి ఉంచాను. పుండు మీద కొత్త ట్యూబులోని వాజలిన్ పలచగా రాసి, అంటుకోని పారఫిన్ గాజ్ గుడ్డ, దాని మీద మామూలు గాజ్ గుడ్డ రెండు మడతలు, కాగితం టేపు. గాలి తగిలి ఎండాలని తెరిచి వదిలేయడం మన అలవాటు. మడమ మీద అది పనిచేయదు. ఎండిన పక్కు అడుగు వేసినప్పుడల్లా పగులుతుంది. కప్పి, తేమగా ఉంచిన పుండు తొందరగా మానుతుంది. తేమ అంటే తడిసిన కట్టు కాదు. కట్టు రోజుకొకసారి, తడిస్తే వెంటనే మార్చాలి. వాన పడే రోజు జేబులో ప్లాస్టిక్ కవర్లో ఇంకో కట్టు సామాను పెట్టుకోవాలి.

అతని పుండు చుట్టూ కొంచెం వాపు ఉంది. ఎంతవరకు ఉందో బాల్‌పెన్‌తో గీత గీసి, "రేపు ఈ గీత దాటిందంటే డాక్టర్ దగ్గరికే" అని చెప్పాను. దాటలేదు. మొదటి ఒకటి రెండు రోజులు పుండు అంచున సన్నటి ఎరుపు, పలచని రసి మామూలే. గీత దాటి ఎరుపు పాకుతుంటే, వాపు వేడిగా మెరుస్తుంటే, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, చీము లేదా వాసన ఉంటే అది ఇన్ఫెక్షన్. పిక్క మీదుగా పైకి ఎర్రటి చారలు పోయినా, గజ్జల్లో బిళ్ల కట్టినా, 100 డిగ్రీలు దాటి జ్వరమో చలో వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. షాపులో అడిగి రెండు యాంటీబయాటిక్ మాత్రలు మింగి ఊరుకోవడం వల్ల నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది, లోపల చీము అలాగే ఉంటుంది.

ధనుర్వాతం సూది సంగతి కూడా చాలామంది మరిచిపోతారు. పుండులో మట్టి, బురద పడి ఉంటే ఆఖరి సూది పడి 5 ఏళ్లు దాటినవాళ్లు మళ్లీ వేయించుకోవాలి. శుభ్రమైన చిన్న గాయానికైతే 10 ఏళ్ల దాకా ఫర్వాలేదు. పచ్చి మడమతో నిలవనీళ్లలో దిగొద్దు. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలోని లెప్టోస్పైరా క్రిమి ఇలాంటి పుండ్లలోంచి లోపలికి పోతుంది. తప్పక దిగినవాళ్లు బయటికి రాగానే కడిగి కట్టు మార్చాలి. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో గట్టి జ్వరం, పిక్కల్లో నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరుకు నీళ్లలో దిగిన సంగతి చెప్పాలి.

షుగర్ ఉన్నవాళ్లకూ, కుష్ఠు వల్ల కాలి స్పర్శ పోయినవాళ్లకూ పుండు నొప్పి పెట్టకపోవచ్చు. మన జిల్లాలో వరోరా దగ్గర కుష్ఠు రోగుల ఆశ్రమం ఆనందవన్ ఉంది కాబట్టి ఆ జబ్బు సంగతి ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. వీళ్లు నొప్పిని నమ్ముకోకుండా రోజూ రాత్రి కాళ్లు చూసుకోవాలి. మడమ వెనక చూడటానికి చిన్న అద్దం చాలు. పొక్కు కనబడితే ఇంటి కట్టుతో సరిపెట్టకుండా ఆ రోజే చూపించుకోవాలి.

ఆ కుర్రాడికి మూడు రోజులు బూటు అక్కర్లేని పని, స్టోర్ గది దగ్గర, సూపర్వైజర్‌ను అడిగి ఇప్పించుకున్నాం. వెనక తెరిచి ఉండే చెప్పులతో ఇంటి దగ్గర తిరిగాడు. వారానికి పుండు మీద పలచటి గులాబీ రంగు చర్మం మూసుకుంది. వేలితో నొక్కితే నొప్పి లేకుండా, రసి రాకుండా ఉంటేనే మళ్లీ బూటు వేయాలి. వేసినా మొదటి వారం రంధ్రం చేసిన ఫోమ్, కాగితం టేపు తప్పవు, ఎందుకంటే ఆ కొత్త తోలు చాలా పలచన. రాత్రి ఇంటికి రాగానే బూటులోంచి అడుగు అట్ట తీసి విడిగా ఆరబెట్టండి. లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కితే తెల్లారేసరికి చాలావరకు పొడిబారుతుంది. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి, తోలు బిర్రబిగిసి వెనక అంచు మళ్లీ మొదటిరోజులా గట్టిపడుతుంది.