చిటికెలోపు జరిగే చర్యలు – 3వ పాఠం: ఒక్క τ నుంచి రెండు k లు

పోయిన పాఠంలో A + B ⇌ C చర్యకు 1/τ = k1([A] + [B]) + k-1 అని రాబట్టాం. τ అంటే సమతాస్థితి నుంచి కాస్త కదిలించిన చర్య మళ్లీ సర్దుకోవడానికి పట్టే కాలం. k1 ముందుకు, k-1 వెనక్కి జరిగే రేటు స్థిరాంకాలు, k1/k-1 సమతాస్థితి స్థిరాంకం K. అది చదివాక గుణుపురం నుంచి ఒక అమ్మాయి ఇలా రాసింది: "మాస్టారూ, ఆ [A], [B] సమతాస్థితి గాఢతలు కదా. అవి తెలియాలంటే ముందు K తెలియాలి. K తెలియకపోతే గ్రాఫ్ ఎలా గీయాలి?" సరైన చోటే పట్టుకుంది. ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు జవాబే. దానికి బాగా అమరిన ఉదాహరణ ప్రొఫ్లావిన్ అనే పసుపు రంగు డై. నీళ్లలో దీని అణువులు రెండేసి ఒకదానిపై ఒకటి పేర్చుకుని డైమర్ అవుతాయి, మళ్లీ విడిపోతాయి.

2P ⇌ P2

ముందు పరికరం సంగతి. దీని పేరు టెంపరేచర్ జంప్: ద్రావణాన్ని ఉన్నట్టుండి కొన్ని డిగ్రీలు వేడెక్కించి, గాఢతలు కొత్త సమతాస్థితికి ఎంత వేగంగా సర్దుకుంటాయో చూస్తారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ఐగెన్ బృందం వాడిన పాత పద్ధతిలో కెపాసిటర్‌ను ద్రావణం గుండా డిశ్చార్జ్ చేస్తారు. 0.05 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 30 కిలోవోల్టులకు చార్జ్ చేస్తే అందులో నిలవ ఉండేది ½CV², అంటే 22.5 జౌళ్లు. ఒక మిల్లీలీటరు నీటిని 5 డిగ్రీలు వేడెక్కించడానికి 21 జౌళ్లు చాలు కాబట్టి లెక్క సరిపోతుంది. అయితే ఆ వేడి ఎక్కడానికి పట్టే కాలం RC/2. సెల్ నిరోధం 100 ఓమ్‌లైతే అది 2.5 మైక్రోసెకండ్లు. ప్రొఫ్లావిన్ చర్య అరమైక్రోసెకండ్ లోపే సర్దుకుంటుంది. అంటే వేడి పూర్తిగా ఎక్కకముందే చూడాల్సిన ఆట అయిపోతుంది. అందుకే 1972లో ఈ చర్యను లేజర్‌తో కొలిచారు. 1.06 మైక్రాన్ల నియోడిమియం లేజర్ కాంతిని ద్రవ నైట్రోజన్‌లో రామన్ పద్ధతిన 1.41 మైక్రాన్లకు జరిపారు. ఆ కాంతిని నీరే పీల్చుకుంటుంది కాబట్టి వేడెక్కడానికి డైతో గాని, కరెంటు పారించే ఉప్పుతో గాని పని లేకుండా, కొన్ని పదుల నానోసెకండ్లలో ద్రావణం వేడెక్కుతుంది.

ఇక సమీకరణం. వేడెక్కాక కొత్త ఉష్ణోగ్రత దగ్గర ఉండాల్సిన గాఢతలను Pe, P2e అందాం. ఆ క్షణంలో డైమర్ ఉండాల్సిన దానికంటే x మేర ఎక్కువుంది. డైమర్ x ఎక్కువుంటే మోనోమర్ 2x తక్కువుంటుంది. ఆ 2 ని మర్చిపోవద్దు, మొత్తం కథ అక్కడే తిరుగుతుంది.

dx/dt = k1(Pe − 2x)² − k-1(P2e + x)

విప్పి రాయండి. k1Pe², k-1P2e సమానం కాబట్టి కొట్టుడుపోతాయి. మిగిలేది:

dx/dt = −(4k1Pe + k-1)x + 4k1x²

x చిన్నదైతే x² పదాన్ని వదిలేయొచ్చు. అప్పుడు x ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గుతుంది, 1/τ = 4k1Pe + k-1. కొన్ని పుస్తకాల్లో 4 బదులు 2 కనిపిస్తుంది. వాళ్లు k1 ని డైమర్ ఏర్పడే రేటుతో కాకుండా మోనోమర్ ఖర్చయ్యే రేటుతో నిర్వచించి ఉంటారు. రెండూ తప్పు కాదు గాని, ఒక పుస్తకం k1 ని ఇంకో పుస్తకం సూత్రంలో పెడితే మాత్రం తప్పే.

ఇప్పుడు గుణుపురం ప్రశ్న. Pe తెలియదు. మనం తూకం వేసి కలిపిన మొత్తం డై C0 మాత్రమే తెలుసు. C0 = Pe + 2P2e. పైగా P2e = (k1/k-1)Pe². 1/τ ని వర్గం చేసి చూడండి:

(1/τ)² = k-1² + 8k1k-1Pe + 16k1²Pe²

చివరి రెండు పదాల్లోంచి 8k1k-1 ని బయటికి తీస్తే లోపల మిగిలేది Pe + 2(k1/k-1)Pe². అది C0 నే!

(1/τ)² = k-1² + 8k1k-1C0

K అక్కర్లేదు, Pe అక్కర్లేదు. C0 ని x అక్షంపై, (1/τ)² ని y అక్షంపై పెడితే సరళరేఖ వస్తుంది. అంతరఖండం k-1², వాలు 8k1k-1. నాకు ఈ రిలాక్సేషన్ లెక్కలన్నిటిలో బాగా నచ్చినది ఇదే.

సరే, τ ఎలా వస్తుంది? డైమర్ కట్టేటప్పుడు వేడి బయటికి వస్తుంది. కాబట్టి వేడి చేస్తే డైమర్ విడిపోయి మోనోమర్ పెరుగుతుంది, మోనోమర్ బాగా పీల్చే 444 నానోమీటర్ల ప్రాంతంలో అబ్జార్బెన్స్ పెరుగుతుంది. ఇక్కడో చిక్కు ఉంది. ఆ శిఖరం దగ్గర మోలార్ అబ్జార్బెన్స్ సుమారు 40,000. 4 మిల్లీమోలార్ ద్రావణాన్ని మన మామూలు ఒక సెంటీమీటర్ క్యూవెట్‌లో పోస్తే అబ్జార్బెన్స్ 160 వస్తుంది, అంటే అవతలికి కాంతి రాదు. 0.1 మిల్లీమీటర్ల పలుచని సెల్‌లో 1.6 కి దిగుతుంది. లేదా శిఖరం పక్కకు జరిగి కొలవాలి.

ఆసిలోస్కోప్ గీతలో రెండు భాగాలు కనబడతాయి. మొదట నిట్టనిలువు మెట్టు: అది చర్య కాదు, వేడికి నీటి సాంద్రత, డై వర్ణపటం మారడం. ఆ తర్వాత మెల్లగా వంగే గీత, అదీ మనది. చివరికి చేరే విలువ నుంచి ప్రతి బిందువునూ తీసివేసి ln తీసుకుని కాలంతో గీస్తే సరళరేఖ రావాలి, వాలు −1/τ. ఆ గీత చివర్లో కిందికో పైకో వంగితే చివరి విలువను తప్పుగా అనుకున్నట్టు. మొదట్లో వంగితే వేడెక్కే కాలాన్ని కూడా కలిపేసుకున్నట్టు, లేదా x² పదం ఇంకా బతికే ఉన్నట్టు. ఈ రెండింటిలో ఏదో తేల్చాలంటే లేజర్ శక్తిని సగానికి తగ్గించి, చివరి ఉష్ణోగ్రత మాత్రం అదే ఉండేలా మొదలుపెట్టే ఉష్ణోగ్రతను కాస్త పెంచి, మళ్లీ కొలవాలి. వంపు తగ్గితే x² దోషి.

ఇప్పుడు లెక్క. ఇవి సాధన కోసం నేను తయారుచేసిన అంకెలు, ప్రొఫ్లావిన్ అసలు విలువలకు దగ్గరగానే ఉంటాయి. 20 డిగ్రీల నుంచి 25 కి దూకించాం. k లు రెండూ 25 డిగ్రీలవి, 20 వి కావు.

| C0 (mM) | τ (µs) | (1/τ)² (µs⁻²) |
|---|---|---|
| 0.5 | 0.310 | 10.4 |
| 1.0 | 0.240 | 17.4 |
| 2.0 | 0.185 | 29.2 |
| 4.0 | 0.135 | 54.9 |

ఫోన్‌లో ఏ స్ప్రెడ్‌షీట్ ఉన్నా చాలు. A లో C0, B లో τ, C లో (1/τ)² పెట్టి:

```
=SLOPE(C2:C5,A2:A5)
=INTERCEPT(C2:C5,A2:A5)
```

వాలు 12.6, అంతరఖండం 4.3 వస్తాయి. 4.3 కి వర్గమూలం 2.07, కాబట్టి k-1 = 2.07 × 10⁶ s⁻¹. వాలు మిల్లీమోలార్‌కు ఉంది. దాన్ని మోలార్‌కు, సెకండ్లకు మారిస్తే 1.26 × 10¹⁶. దీన్ని 8k-1 తో భాగిస్తే k1 = 7.6 × 10⁸ M⁻¹s⁻¹. నీళ్లలో రెండు అణువులు వ్యాపనంతో ఎదురుపడే రేటు 10⁹ – 10¹⁰ మధ్య ఉంటుంది. ప్రొఫ్లావిన్ అణువులకు ధనావేశం ఉంది, ఆ రెండు ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నా ఇంత దగ్గరకు వచ్చిందంటే, ఎదురుపడ్డ జంటల్లో చాలావరకు అతుక్కుంటున్నాయన్నమాట.

ఇక్కడితో ఆగి సంబరపడే ముందు ఒక పని చేయండి. చివరి τ ని 0.135 బదులు 0.130 అని మార్చండి. తేడా 5 నానోసెకండ్లే, చివరి బేస్‌లైన్ కాస్త అటూ ఇటూ అయితే ఆ మాత్రం తేడా వచ్చేస్తుంది. ఇప్పుడు వాలు 13.9, అంతరఖండం 3.0. k-1 1.73 × 10⁶ కి పడిపోయింది, k1 10⁹ కి పెరిగింది. K = k1/k-1 అయితే 370 నుంచి 580 కి ఎగిరింది! నాలుగు బిందువులూ గీత మీదే ఉన్నట్టు కంటికి కనిపిస్తున్నా ఇంత తేడా. కారణం: వర్గం చేయడంతో పెద్ద గాఢత బిందువు తప్పు రెట్టింపై, గీతను ఆ కొస పట్టుకుని తిప్పేస్తుంది. చిన్నదైన అంతరఖండం దానికి తలవంచుతుంది.

దీనికి విరుగుడుగా తక్కువ గాఢత బిందువులు కావాలి. కానీ కిందికి పోయినకొద్దీ డైమరే ఉండదు. K 370 అయితే 0.5 మిల్లీమోలార్‌లో డైలో 22 శాతం దాకా డైమర్‌గా ఉంటుంది, 0.05 లో 3 – 4 శాతమే. లేని డైమర్ విడిపోవడాన్ని చూడలేం కాబట్టి సిగ్నల్ నాయిస్‌లో కలిసిపోతుంది.

రెండో విరుగుడు, K ని వేరే దారిలో కొలవడం. టెంపరేచర్ జంప్ పరికరం మన కాలేజీల్లో దొరకడం కష్టం గాని, స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటుంది. వేర్వేరు గాఢతల్లో అబ్జార్బెన్స్ కొలిచి K తీయొచ్చు. అది k1/k-1 తో సరిపోలాలి. మన బరంపురం, పర్లాకిమిడి వైపు చేసేవాళ్లకు ఒక్క హెచ్చరిక: ఏప్రిల్‌లో ఏసీ లేని ల్యాబ్ గది 35 డిగ్రీలు దాటుతుంది. డైమర్ కట్టడం ఉష్ణమోచకం కాబట్టి గది ఉష్ణోగ్రత దగ్గర తీసిన K, 25 డిగ్రీల K కంటే తక్కువే వస్తుంది. సెల్ హోల్డర్‌కు చల్లటి నీళ్లు తిప్పే బాత్ లేకపోతే ఆ పోలికకు అర్థం లేదు. ఉప్పు గాఢత, pH కూడా రెండు ప్రయోగాల్లోనూ ఒకటే ఉండాలి. రెండు ధనావేశాలను ఒకచోట చేర్చే చర్య కదా, ఉప్పు పెరిగితే ఆ వికర్షణ తగ్గి K పెరుగుతుంది.

వచ్చే పాఠంలో రెండు మెట్ల చర్యలు, రెండు τ లు. ఈలోగా ఒక లెక్క చేసి ఉంచండి. పై పట్టికకు ఇంకో బిందువు దొరికింది: 0.25 మిల్లీమోలార్ దగ్గర τ = 0.37 మైక్రోసెకండ్లు. 0.135 తో గీసిన గీత ఇక్కడ ఎంత τ ఇస్తుంది, 0.130 తో గీసినది ఎంత ఇస్తుంది? ఈ కొత్త బిందువు కొలతలో 0.01 మైక్రోసెకండ్ అటూఇటూ పొరపాటు ఉందనుకుంటే, రెండు గీతల్లో ఒకదాన్ని కొట్టేయగలరా?