సంక్రాంతికి ఊరెళ్లే ముందు పాల యాప్ జాగ్రత్తలు

పండక్కి బరంపురం నుంచి పలాస, శ్రీకాకుళం వైపు రైలెక్కే మనవాళ్లు చాలామంది పాలబ్బాయికి నోటిమాటగా "వారం వద్దు" అని చెప్పి వెళ్లిపోతారు. యాప్ పాలకు ఆ మాట సరిపోదు. అతను తన ఫోన్‌లో వచ్చిన లిస్టు ప్రకారమే ప్యాకెట్లు దింపుతాడు, డబ్బు కూడా ఆ లిస్టు ప్రకారమే కోత పడుతుంది. కాబట్టి ఆపాల్సింది యాప్‌లోనే.

ప్రతి యాప్‌కూ రాత్రి ఒక గడువు ఉంటుంది. అది పది గంటలైతే, 12వ తేదీ తెల్లవారుజామున బయల్దేరేవాళ్లు 11వ తేదీ రాత్రి పదిలోపే ఆపాలి. పదకొండింటికి నొక్కితే 12నాటి పాలు గుమ్మం ముందు పడి విరిగిపోతాయి, డబ్బు మాత్రం పోతుంది. ఒక్క రోజుకైతే స్కిప్, వారానికైతే పాజ్. పాజ్‌లో చివరి తేదీ దగ్గర ఆగి చూడండి: ఆ రోజు పాలు వస్తాయా, రావా అన్నది యాప్‌ని బట్టి మారుతుంది. తర్వాత క్యాలెండర్ తెరిస్తే తేలిపోతుంది. పాలు, పెరుగు, బ్రెడ్ విడివిడిగా పెట్టుకుని ఉంటే ఒకటి ఆపినంత మాత్రాన మిగతావి ఆగకపోవచ్చు.

ఇల్లు మారుతూ పూర్తిగా మూసేవాళ్లకి వరుస ముఖ్యం. ముందు యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆటోపే రద్దు చేయండి. లేకపోతే బ్యాలెన్స్ తగ్గగానే మళ్లీ రీఛార్జి అవుతుంది. తర్వాత సబ్‌స్క్రిప్షన్లన్నీ ఆపి, చివరి డెలివరీ కోత పడేదాకా ఆగి, అప్పుడు బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్ తీసి రిఫండ్ అడగండి. యాప్ తీసేయడం సబ్‌స్క్రిప్షన్ మూసినట్టు కాదు. రిఫండ్ చేతికి రాకముందు అకౌంట్ డిలీట్ చేస్తే బ్యాలెన్స్ కూడా పోవచ్చు.

ఉదాహరణకు వాలెట్‌లో 500 ఉందనుకోండి, అందులో 100 క్యాష్‌బ్యాక్. చివరి రోజు పాలు 60. క్యాష్‌బ్యాక్‌ని సాధారణంగా వెనక్కి ఇవ్వరు. ఆ 60 క్యాష్‌బ్యాక్‌లోంచి పోతే మీకు 400 వస్తుంది, మీ డబ్బులోంచి పోతే 340. అందుకే నా మాటేంటంటే, రీఛార్జి ఆపేసి, పాలతోనో నెయ్యితోనో బ్యాలెన్స్‌ని వీలైనంత ఖర్చుపెట్టేయండి. ఆ కంపెనీ దగ్గరే వాడుకునే ఇలాంటి వాలెట్ రిజర్వు బ్యాంకు నియంత్రణలోకి రాదు, నగదుగా ఇవ్వడం కంపెనీ షరతుల మీదే ఆధారపడుతుంది. ఆ షరతులు మూసేటప్పుడు కాదు, పెద్ద మొత్తం వేసే ముందే చదవాలి.

కస్టమర్ కేర్‌తో ఫోన్లో హిందీ, ఒడియాల్లో తంటాలు పడేకంటే చాట్‌లోనో మెయిల్‌లోనో అడగండి, రుజువు మిగులుతుంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని ఫిర్యాదు నమోదు చేయించండి.