6 గిగాహెర్ట్జ్ వై-ఫై గదిదాకా రావాలంటే రౌటర్ ఎక్కడ పెట్టాలి?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో చాలా రౌటర్లు బిగించాను. ఖరీదైన కొత్త రౌటర్ కొని, దాన్ని క్లోజెట్ గోడలోని ఇనుప పెట్టెలో పెట్టి తలుపేసి, "ఈ 6 గిగాహెర్ట్జ్ పనిచేయదు" అనేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తప్పు బ్యాండుది కాదు, పెట్టిన చోటుది.

ఈ బ్యాండు ఇచ్చేది ఖాళీ దారి. 2020లో అమెరికాలో రేడియో తరంగాల వాడకాన్ని నియంత్రించే ఎఫ్‌సీసీ 5925 నుంచి 7125 దాకా, అంటే 1200 మెగాహెర్ట్జ్ మేర వై-ఫైకి తెరిచింది. 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానళ్లు ఇక్కడ ఏడు పడతాయి. పాత పరికరాలు ఇందులోకి రాలేవు కాబట్టి పక్కింటివాళ్ల రద్దీ బాగా తక్కువ.

కావలసినవి తొందరగా చెప్పేస్తాను. రౌటరూ, ఫోనూ, ల్యాప్‌టాపూ వై-ఫై 6ఇ లేదా 7వి అయి, 6 గిగాహెర్ట్జ్‌ను పట్టగలగాలి. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉండాలి. రౌటర్ సెట్టింగుల్లో ఈ బ్యాండు భద్రతకు WPA3-Personal పెట్టండి, ఇక్కడ WPA2 చెల్లదు. దీనికి వేరే పేరు పెట్టండి. అన్ని బ్యాండులకూ ఒకే పేరు చాలంటారు చాలామంది, నేను ఒప్పుకోను. ఒకే పేరుంటే ల్యాప్‌టాప్ చెప్పకుండా 5 గిగాహెర్ట్జ్‌కు జారిపోతుంది, మీరు కొలిచేది దేన్నో మీకే తెలియదు.

ఆ పేరుకు కనెక్ట్ అయ్యాక ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ కమాండ్ ఇవ్వండి:

```
netsh wlan show interfaces
```

Band దగ్గర 6 GHz ఉందో లేదో చూసి, Signal శాతం రాసుకోండి. నా లెక్కలో 70 దాటితే బాగున్నట్టు, 50 లోపైతే ఆ గదిలో దీన్ని నమ్ముకోకూడదు.

అసలు కష్టం గోడల దగ్గర. ఇక్కడ నిదానంగా చదవండి. ఫ్రీక్వెన్సీ పెరిగింది కాబట్టే సిగ్నల్ గోడ దాటడం లేదని అందరూ అంటారు. అది సగం నిజం. 5తో పోలిస్తే 6లో దూరం వల్ల అదనంగా పోయేది ఒకటి రెండు డెసిబెళ్లే. పెద్ద కారణం అనుమతించిన శక్తి. ఇదే బ్యాండులో టవర్ల మధ్య మైక్రోవేవ్ లింకులు ఎప్పటినుంచో నడుస్తున్నాయి. వాటికి అడ్డు రాకుండా ఇంట్లో పెట్టే మామూలు రౌటర్ల శక్తికి గట్టి పరిమితి పెట్టారు. ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ అంతకంటే తక్కువ, నాలుగో వంతే. అందుకే డౌన్‌లోడ్ బాగుండి వీడియో కాల్‌లో మీ గొంతు తెగిపోతుంటుంది. ఆ కమాండ్‌లోనే Receive rate కంటే Transmit rate బాగా తక్కువగా కనిపిస్తే చాలాసార్లు ఇదే కారణం.

ఛానల్ వెడల్పు తగ్గిస్తే దూరం పెరుగుతుందన్న పాత చిట్కా ఇక్కడ పనికిరాదు. ఈ పరిమితి ఒక్కో మెగాహెర్ట్జ్‌కు ఇంతని ఉంటుంది. వెడల్పు సగం చేస్తే రొదతో పాటు శక్తి కూడా సగమవుతుంది, మిగిలేదేమీ లేదు. 160 దగ్గరే ఉంచండి.

కాబట్టి చేయవలసింది గోడలు లెక్కపెట్టడం. కాగితం మీద ఇంటి ప్లాను గీసి, రౌటర్ నుంచి మీరు కూర్చునే కుర్చీకి స్కేలుతో గీత గీయండి. మీరు నడిచే దారి కాదు, తిన్నని గీత. అది ఎన్ని గోడలను కోస్తుందో, ఏ వాలులో కోస్తుందో చూడండి. గోడతో 30 డిగ్రీల కోణం చేస్తూ వాలుగా దాటే సిగ్నల్‌కు ఆ గోడ రెండింతల మందం. ఇక్కడి చెక్క ఫ్రేము, జిప్సం బోర్డు గోడలు రెండు దాటినా పర్వాలేదు. ఇటుక ఫైర్‌ప్లేస్, టైల్స్ వేసిన బాత్‌రూమ్, ఫ్రిజ్, నిలువుటద్దం వేరే సంగతి. అద్దం వెనక పూత లోహం, సిగ్నల్‌ను వెనక్కి కొట్టేస్తుంది.

మా బావగారి ఇంట్లో ఇదే జరిగింది. క్లోజెట్‌లో ఇనుప పెట్టె, దాని పక్కన బాత్‌రూమ్, గోడంతా అద్దం, ఆ తర్వాత ఆయన ఆఫీసు గది. Signal 38. రెండు నెలలు కంపెనీవాళ్లకు ఫోన్లు చేసి టెన్షన్ పడ్డారు. నేను మోడెమ్‌ను పెట్టెలోనే ఉంచి, టీవీ కోసం వేసిన కోయాక్స్ తీగకు రెండు చివర్లా, ఆ తీగ మీదే ఇంటర్నెట్‌ను పంపే మోకా అడాప్టర్లు పెట్టి, రౌటర్‌ను లివింగ్ రూమ్‌లో ఎత్తైన షెల్ఫ్ మీదికి మార్చాను. అక్కడినుంచి ఆఫీసు గదికి ఒకే ఒక జిప్సం గోడ, అదీ దాదాపు ఎదురుగా. Signal 82కి వచ్చింది.

వై-ఫైని ఇంకో గదిదాకా చేర్చడానికి రెండో మెష్ యూనిట్ కొంటారా, దానికీ తీగ ద్వారానే కనెక్షన్ ఇవ్వండి. యూనిట్ల మధ్య లింకును 6 మీద వదిలేస్తే అది కూడా అవే గోడలు దాటాలి. ఫైర్‌ప్లేస్ వెనక గదికి మాత్రం 5 గిగాహెర్ట్జ్ పేరే ఇవ్వండి. బావగారి ఇంట్లో ఆ గది టీవీ ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది.