వానలకు ముందు డీజిల్ డ్రమ్ము: నీళ్లు తీయకుండా మందు పోయకండి

పోయిన కార్తీకంలో మా పక్క ఊరి వరికోత యంత్రం ఒకటి మొదటి మడి సగంలోనే ఆగిపోయింది. మెకానిక్ ఫిల్టరు విప్పితే లోపల కాగితం మడతల నిండా నల్లటి జిగురు ఉంది. రబీ కోతల తర్వాత మిగిలిన డీజిల్‌ను యజమాని సగం నిండిన 200 లీటర్ల డ్రమ్ములో, ఆరుబయట వానాకాలమంతా ఉంచాడు. బూజు పట్టిందని తెలిసి పది రోజుల ముందు దాన్ని చంపే మందు, బయోసైడ్ కూడా పోశాడు. అయితే అడుగున ఉన్న నీళ్లను తీయలేదు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పొరపాటు వల్ల జరిగినవే.

ఈ బూజు డీజిల్‌ను తింటుంది గానీ, బతికేది దాని అడుగున చేరిన నీటిలో, సరిగ్గా ఆ రెండూ కలిసే చోట. మందు దాన్ని చంపుతుందే తప్ప మాయం చేయదు. చచ్చిన పొర తునకలుగా విడిపోయి డీజిల్‌తో పాటు ఫిల్టరుకు చేరుతుంది, అడుగున నీళ్లు అలాగే ఉంటే కొన్నాళ్లకు కొత్త బూజు మొదలవుతుంది.

ఆ నీళ్లు ఎలా వస్తాయో చాలామంది గమనించరు. నిలబెట్టిన డ్రమ్ము పైమూత అంచు లోపల వాన నీరు నిలుస్తుంది. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే డ్రమ్ము గాలిని లోపలికి పీలుస్తూ, బిరడా మర సందుల నుంచి ఆ నీటిని కూడా లాగుతుంది. కాబట్టి డ్రమ్మును కప్పు కింద ఉంచాలి. కుదరకపోతే పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే అడ్డగీతలో, డీజిల్ మట్టం కింద ఉండేలా పెట్టాలి. వీలైనంత నిండుగా ఉంచితే తేమ గాలికి చోటు తగ్గుతుంది.

నీళ్లు తీయడానికి డ్రమ్ము ఒక వైపు కింద చెక్క పెట్టి, ఒక రోజు కదపకుండా ఉంచండి. తర్వాత పంపు గొట్టాన్ని పల్లపు మూలకు దించి, అడుగు ద్రవాన్ని గాజు సీసాలోకి తోడి తేరుకోనివ్వండి. అడుగున నీరు, పైన డీజిల్, మధ్యలో గోధుమరంగు తోలు ముక్కల వంటివి కనిపిస్తే అది బూజే. శుభ్రమైన డీజిల్ మాత్రమే వచ్చేదాకా తోడాలి. మందు ఆ తర్వాతే.

డీజిల్ కోసమే తయారైన, నీటిలోనూ డీజిల్‌లోనూ పనిచేసే బయోసైడ్‌నే కొనండి. ఐసోథయాజోలినోన్ రకాలు అలాంటివే, అయితే చర్మానికి తగిలితే అలర్జీ వస్తుంది కనుక చేతి తొడుగులు తప్పనిసరి. మోతాదు లేబుల్ ప్రకారం, మిగిలిన లీటర్లను లెక్కగట్టి వేయాలి. లేబుల్ చెప్పినంత సేపు ఆగి, అడుగును మళ్లీ తోడి, నీటిని వేరుచేసే ఫిల్టరు గుండా వడకట్టాకే ట్యాంకులో పోయాలి.

ఫినాయిల్ పోయకండి. బ్లీచింగ్ పొడి వేయకండి. పంటకు కొట్టే శిలీంధ్రనాశిని అసలే వద్దు, అందులో రాగి ఉంటే డీజిల్ ఇంకా త్వరగా పాడవుతుంది. నీటిని డీజిల్‌లో కలిపేస్తామనే ద్రావణాలు కొనకండి, ఆ నీరు నేరుగా ఇంజెక్టర్లకే చేరుతుంది. జింకు పూత తొట్టెల్లో నిల్వ పెట్టకండి. తోడిన మురికిని కాలువలో పారబోయకండి. జిగురు ముద్దలుగా వస్తుంటే మందుకు డబ్బు పెట్టకండి, ఆ డీజిల్‌ను వదులుకుని డ్రమ్మును కడిగించండి. ఫిల్టరు ఒకటి అదనంగా బండిలో ఉంచండి. నీళ్లు తీయకుండా మాత్రం మందు పోయకండి.