వడ్డీ రేట్ల పాఠాలు – 4: రేటు తగ్గిన రోజున రాబడి ఎందుకు పెరిగింది?

కిందటి పాఠం చివర ఒక చిక్కుప్రశ్న ఇచ్చాను. ఒక కేంద్ర బ్యాంకు పాలసీ రేటును పావు శాతం తగ్గించింది. అదే సాయంత్రానికి రెండేళ్ల ప్రభుత్వ బాండు రాబడి పెరిగింది, కరెన్సీ బలపడింది. వార్త తప్పా, మార్కెట్ తప్పా? రెండూ కావు. ఎలాగో ఈ రోజు లెక్క కట్టి చూద్దాం. కాగితం, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. పాలసీ రేటు చాలా చిన్న గడువు రేటు. బ్యాంకులు ఒక రాత్రికో కొద్ది రోజులకో తీసుకునే డబ్బు ధరను మాత్రమే కేంద్ర బ్యాంకు నేరుగా నిర్ణయిస్తుంది. రెండేళ్ల రేటును మామూలుగా ఎవరూ ప్రకటించరు, అది మార్కెట్లో పుడుతుంది. డబ్బున్న మనిషికి రెండు దారులున్నాయి. ఒకటి, రెండేళ్ల బాండు కొని కూర్చోవడం. రెండోది, ఒక్కో రాత్రికి అప్పిచ్చి, తెల్లవారి తిరిగి తీసుకుని, మళ్లీ ఇస్తూ రెండేళ్లు గడపడం. రెండు దారుల్లో దేనిలోనైనా లాభం ఎక్కువగా కనబడితే అందరూ అటే వెళతారు. అందుకే రెండేళ్ల రాబడి, రాబోయే రెండేళ్లలో రాత్రి రేటు సగటున ఎంత ఉంటుందని జనం అనుకుంటున్నారో దానికి దగ్గరగా వచ్చి నిలుస్తుంది.

ఇప్పుడు మన లెక్క. సమావేశానికి ముందు పాలసీ రేటు 6 శాతం. మార్కెట్ అంచనా ప్రకారం మొదటి ఏడాది సగటు 5.5, రెండో ఏడాది సగటు 4.5. రెండూ కలిపి సగం చేస్తే 5. రెండేళ్ల బాండు రాబడి 5 శాతం అన్నమాట. పాలసీ రేటు 6 దగ్గర ఉండగానే బాండు 5 దగ్గరికి దిగిపోయింది చూశారా? రాబోయే తగ్గింపులన్నీ అప్పటికే ధరలో చేరిపోయాయి.

సమావేశం జరిగింది. రేటు 5.75కి తగ్గింది, అందరూ అనుకున్నదే. కానీ ప్రకటనలో ఒక వాక్యం ఉంది: ధరల పెరుగుదల ఇంకా అదుపులోకి రాలేదు, తదుపరి తగ్గింపులు నెమ్మదిగా ఉంటాయి. జనం అంచనాలు దిద్దుకున్నారు. మొదటి ఏడాది సగటు 5.6, రెండో ఏడాది 5.1 అయింది. కొత్త సగటు 5.35. రేటు పావు శాతం తగ్గిన రోజునే రాబడి 0.35 శాతం పాయింట్లు పెరిగింది. తగ్గింపు పాత వార్త, ఆ వాక్యం కొత్త వార్త.

బాండు చేతిలో ఉన్నవారికి ఇది నష్టం. ఏటా 5 వడ్డీ ఇచ్చి, రెండో ఏడాది చివర 100 తిరిగి చెల్లించే బాండు తీసుకోండి. దాని కొత్త ధర:

```
5/1.0535 + 105/(1.0535)^2 = 99.35
```

నిన్న 100 ఉన్నది ఈ రోజు 99.35. రాబడి పెరగడం, ధర తగ్గడం రెండు వేరు సంఘటనలు కావు. ఒకే సంఘటనను రెండు వైపుల నుంచి చూడటం. ఈ ముక్క దగ్గర తడబడేవారిని చాలామందిని చూశాను, అందుకే మీ చేత భాగహారం చేయిస్తున్నాను.

ఇక అప్పు సంగతి. ఇక్కడ రుణగ్రహీత ఏ రేటుకు కట్టుబడ్డాడన్నదే ముఖ్యం. ఫ్లోటింగ్ వడ్డీ అయితే అది పాలసీ రేటును అనుసరిస్తుంది కాబట్టి మన కథలో అతనికి పావు శాతం తగ్గుతుంది, సవరణ తేదీ వచ్చాక. చాలా ఏళ్లకు ఫిక్స్‌డ్ వడ్డీతో కొత్తగా అప్పు తీసుకునేవాడికి మాత్రం ఆ రేటు దీర్ఘకాల బాండ్ల రాబడిని చూసి నిర్ణయమవుతుంది. అతనికి అదే రోజున అప్పు ఖరీదు కావచ్చు. ఫ్లోటింగ్‌లో మరో మెలిక ఉంది. రేటు పెరిగినప్పుడు కొన్ని రుణాల్లో నెలసరి వాయిదా మారదు, గడువు పొడుగవుతుంది. 10,00,000 అప్పు, 8 శాతం వడ్డీ, 240 నెలలు అనుకుంటే వాయిదా సుమారు 8,364. మొదట్లోనే వడ్డీ 8.5 అయి, వాయిదా అంతే ఉంటే గడువు దాదాపు 266 నెలలకు చేరుతుంది. నెలనెలా కట్టే మొత్తం మారలేదు కదా అని చాలామంది గమనించరు.

మారకపు రేటు దగ్గర కొంచెం ఆగాలి. పొరుగు దేశపు రెండేళ్ల బాండు 3 శాతం ఇస్తోందనుకుందాం. మనది 5 ఇచ్చినప్పుడు తేడా ఏడాదికి 2, రెండేళ్లకు సుమారు 4. అయినా అందరూ మన బాండ్లే కొనడం లేదంటే, రెండేళ్లలో మన కరెన్సీ సుమారు 4 శాతం తగ్గుతుందని వారు లెక్క వేసుకున్నారన్నమాట. ఇప్పుడు తేడా 2.35 అయింది, రెండేళ్లకు 4.7. రెండేళ్ల తరువాత కరెన్సీ ఎక్కడ ఉంటుందన్న అంచనా మారకపోతే, తగ్గడానికి 4.7 చోటు ఉండేలా అది ఈ రోజే సుమారు 0.7 శాతం పైకి జరగాలి. అదే రేటు తగ్గిన రోజు కరెన్సీ బలపడటం. అయితే ఈ సూత్రంతో రెండేళ్ల తరువాతి మారకపు రేటును జోస్యం చెప్పబోకండి. ఆ పనిలో దీని చరిత్ర ఏమీ బాగాలేదు. ప్రకటన వెలువడిన కొద్ది గంటల కదలికను వివరించడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

ఊహా లెక్క చాలు, జరిగినది చూద్దాం. 2024 సెప్టెంబరు 18న అమెరికా ఫెడరల్ రిజర్వ్ రేటును అర శాతం తగ్గించి 4.75–5 శాతం శ్రేణికి తెచ్చింది. డిసెంబరు కల్లా మొత్తం తగ్గింపు ఒక శాతం పాయింటు. అదే కాలంలో పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి 3.7 దగ్గర నుంచి 4.5 దాటింది. ముప్ఫై ఏళ్ల ఫిక్స్‌డ్ గృహరుణం సుమారు 6.1 నుంచి 6.8 దాటింది. డాలరూ బలపడింది. ఆర్థిక వ్యవస్థ అనుకున్నదానికన్నా గట్టిగా ఉందని గణాంకాలు వచ్చాయి, ముందున్న తగ్గింపుల అంచనాలు కుదించుకుపోయాయి. పదేళ్ల బాండులో దీనికి తోడు, అంతకాలం డబ్బు ఇరికించుకున్నందుకు అడిగే అదనపు ప్రతిఫలం కూడా ఉంటుంది. అదీ పెరిగింది. రాబడిలో దేని వాటా ఎంతో విడదీయడం కష్టం, దానికి వేరే పాఠం కావాలి.

రాబడి పెరిగిన ప్రతిసారీ ఈ వివరణ సరిపోతుందా? లేదు. 2022 సెప్టెంబరు 23న బ్రిటన్ ప్రభుత్వం అప్పుతో నడిచే భారీ పన్ను కోతలు ప్రకటించింది. బాండ్ల రాబడులు ఎగిశాయి, కానీ పౌండు పడిపోయింది. 26న డాలరుతో సుమారు 1.03కి, అప్పటిదాకా ఎన్నడూ లేనంత కిందికి జారింది. 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దీర్ఘకాల ప్రభుత్వ బాండ్లు కొనడానికి రంగంలోకి దిగింది. తేడా గుర్తుపట్టే గుర్తు ఇక్కడే ఉంది. రాబడి, కరెన్సీ కలిసి పైకి వెళితే సాధారణంగా పాలసీ రేటు అంచనా మారిందని అర్థం. రాబడి పైకి, కరెన్సీ కిందికి పోతే, అప్పిచ్చేవారికి ఆ దేశం మీదే అనుమానం మొదలైందేమో చూడాలి. ఒక్క రాబడిని మాత్రం చూసేవాడికి ఈ రెండూ ఒకేలా కనబడతాయి.

అభ్యాసం: పాలసీ రేటు 4 శాతం. మార్కెట్ అంచనా మొదటి ఏడాదికి 4.5, రెండో ఏడాదికి 5.5. కేంద్ర బ్యాంకు రేటును 4.5కి పెంచి, పెంపులు దాదాపు ముగిసినట్టేనని ప్రకటించింది. అంచనాలు 4.5, 4.7గా మారాయి. రెండేళ్ల బాండు కొత్త రాబడి ఎంత? ఏటా 5 ఇచ్చే బాండు ధర ఎంత? పొరుగు దేశపు రాబడి మారలేదు, రెండేళ్ల తరువాతి కరెన్సీ అంచనా కూడా మారలేదు అనుకుంటే, ఈ రోజు కరెన్సీ ఎటు, సుమారు ఎంత కదలాలి? జవాబులు ఐదో పాఠం మొదట్లో ఉంటాయి.