పాత ఇంట్లో ఈవీ ఛార్జర్ పెట్టే ముందు వైరింగ్, ఎర్తింగ్ ఎలా చూసుకోవాలి?

కారుతో వచ్చిన చిన్న ఛార్జర్‌ని ఏసీ సాకెట్లో పెట్టగానే ఎర్ర లైటు వెలిగిందంటే చాలాసార్లు దానర్థం ఎర్త్ లేదని. తిరుపతి, చిత్తూరు పాత ఇళ్ళల్లో ఇది మామూలే, ఎందుకంటే అప్పట్లో ఎర్త్ వైరును తీసుకెళ్ళి ఇనుప నీళ్ళ పైపుకి చుట్టేసేవాళ్ళు, తర్వాత ఆ పైపు తీసేసి పీవీసీ వేయించారు, ఎర్త్ పోయిన సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ముందు కరెంటు బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో చూడండి. చిన్న ఛార్జర్ ఒక్కటే దాదాపు 3.3 కిలోవాట్లు లాగుతుంది, గోడకి బిగించేదైతే సింగిల్ ఫేజ్‌లో 7 పైనే. బిల్లులో 2 కిలోవాట్లే ఉంటే ఎస్పీడీసీఎల్‌లో లోడ్ పెంచమని ముందే అప్లికేషన్ పెట్టుకోండి.

తర్వాత మెయిన్ ఆపించి, టెస్టర్‌తో కరెంటు లేదని తేల్చుకుని, ఛార్జర్ పెట్టబోయే సాకెట్ మూత విప్పించండి. వైరు లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం కావచ్చు, ఆ లైను మీద ఆశ వదులుకోండి. రాగి వైరైనా ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి గీకితే పొడిగా రాలుతుంటే అక్కడ ఎప్పుడో వేడెక్కిందన్నమాట. బాగానే కనిపిస్తే, మీటరు పెట్టి ఖాళీగా ఒకసారి, అదే లైనులో గీజర్ లాంటిది ఆన్ చేసి ఒకసారి ఓల్టేజీ చూడండి. బోర్డు దగ్గర్నుంచి 25 మీటర్ల 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 14 ఆంపియర్లకి 5 ఓల్టులు తగ్గడం సహజం. అదే లోడుకి ఇంట్లోనే 15 ఓల్టులు పడిపోతే మిగతా 10 ఓల్టులు ఏదో లూజు జాయింటులో పోతున్నాయి, అంటే 140 వాట్ల వేడి, గోడలో ఒకచోట, రాత్రంతా. గీజర్ ఇరవై నిమిషాల్లో ఆగిపోతుంది కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదు, కారు అలా ఆగదు. నన్నడిగితే పాత లైనుని నమ్మకుండా బోర్డు నుంచి విడిగా లైను లాగించడమే మేలు, 7 కిలోవాట్లకైతే కనీసం 6 స్క్వేర్ ఎంఎం రాగి, ఎర్త్ వైరు కూడా అంతే.

ఇక ఎర్త్. ఇక్కడే చాలామంది మోసపోతారు. తిరుపతి కొర్లగుంటలో ఒక పాత ఇల్లు అనుకుందాం. మల్టీమీటర్‌తో ఫేజ్‌కి, ఎర్త్‌కి మధ్య 226 ఓల్టులు చూపించింది, అంతా బాగుందనుకున్నారు. కానీ మల్టీమీటర్ దాదాపు కరెంటే తీసుకోదు, అందుకే ఎర్త్ ఎంత బలహీనంగా ఉన్నా సరైన అంకెనే చూపిస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని ఎర్త్ టెస్టర్ తెమ్మని పట్టుబట్టి కొలిపిస్తే 60 ఓమ్స్ వచ్చింది. 230ని 60తో భాగిస్తే 4 ఆంపియర్ల లోపే. అంటే లోపల ఫేజ్ వైరు కారు బాడీకి తగిలినా 32 ఆంపియర్ల ఎంసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, బాడీ మీద కరెంటు అలాగే నిలబడి ఉంటుంది.

కొత్త గుంత తవ్వించి, రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపించి 4 ఓమ్స్‌కి తెచ్చారనుకోండి. అప్పుడూ 57 ఆంపియర్లే, సీ-టైపు 32 ఎంసీబీ వెంటనే పడాలంటే కనీసం 160 కావాలి. కాబట్టి ఎర్త్ ఎంత బాగున్నా, 30 మిల్లీఆంపియర్లు లీకైనా కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ తప్పదు. కొట్టుకెళ్ళి ఇచ్చింది తెచ్చుకోకండి: మామూలు AC టైపు కారు నుంచి వచ్చే డీసీ లీకేజీకి మొద్దుబారిపోతుంది. ఛార్జర్ లోపలే 6 మిల్లీఆంపియర్ల డీసీ రక్షణ ఉంటే A టైపు చాలు, లేకపోతే B టైపు కావాలి. మాన్యువల్లో రాసుంటుంది.

మన కొండ కింద నేలలో గుంత కొంచెం తవ్వగానే రాయి తగులుతుంది. లోతుకి పోలేకపోతే పక్కపక్కన కాకుండా పైపు పొడవంత దూరంలో రెండోది వేసి కలపమనండి, ఓమ్స్ దాదాపు సగమవుతాయి. కొలత మాత్రం ఏప్రిల్, మేలోనే తీయించాలి, నవంబరు వానలకి తడిసిన నేలలో ఏ ఎర్త్ అయినా బాగానే చూపిస్తుంది.

ఎర్ర లైటు పోవాలంటే సాకెట్లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ చిన్న ముక్కతో కలిపేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. లైటు నిజంగానే పచ్చగా మారుతుంది, ఛార్జింగూ ఎక్కుతుంది. కానీ ఎప్పుడైనా వెనకాల న్యూట్రల్ తెగితే ఇంట్లో లోడ్ల గుండా వచ్చే ఫేజ్ మొత్తం ఆ ముక్క మీదుగా కారు బాడీకి ఎక్కుతుంది. అలాంటి ముక్క ముందే ఉందేమో తెలుసుకోవాలంటే గీజర్ నడుస్తుండగా ఆ సాకెట్లోనే న్యూట్రల్, ఎర్త్ మధ్య కొలవండి. లోడ్ మీద కొద్దిగానైనా ఓల్టేజీ ఉండాలి, కచ్చితంగా సున్నా ఉంటే అనుమానించి మూత విప్పించాలి. కొత్త ఆర్‌సీసీబీ పెట్టగానే ఊరికే పడిపోతున్నా ముందు వెతకాల్సింది ఆ ముక్కనే, అంతేగానీ ఆర్‌సీసీబీ పాడైందని తీసేయించకండి.