కేవియట్ వేస్తున్నారా? ముందు అవతలివాళ్ల పేర్లు సరిచూసుకోండి

ఆస్తి గొడవలో అవతలివాళ్లు కోర్టుకెళ్లి మనకు తెలియకుండా ఇంజంక్షన్ తెచ్చుకుంటారని భయముంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద ముందే కేవియట్ వేయొచ్చు. 'మా మాట వినకుండా ఆర్డర్ ఇవ్వొద్దు' అని కోర్టును కోరడమే ఇది. కేవియట్‌తో స్టే తెచ్చిపెడతామని కోర్టు ఆవరణలో ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. కేవియట్ స్టే కాదు. అమ్మకాన్నీ, రిజిస్ట్రేషన్‌నూ అది ఆపదు.

పిటిషన్, అఫిడవిట్, వకాలత్ లాయరు సిద్ధం చేస్తారు. భూమి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే వేయాలి. దావా విలువను బట్టి జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకో, సీనియర్ కోర్టుకో వెళ్లే వీలుంటే రెండుచోట్లా వేయడం మేలు.

ఎక్కువమంది తడబడేది పేర్ల దగ్గరే. ఒక కుటుంబం సంగతి చూడండి. తండ్రి పోయాక మూడెకరాలు తల్లికి, ఇద్దరు కొడుకులకు, కూతురికి వచ్చాయి. ఆ పొలం తనకు అగ్రిమెంట్ రాసిచ్చారని బాబాయి అంటున్నాడు. పెద్దకొడుకు ఒక్కడే బాబాయి ఒక్కడి మీద కేవియట్ వేశాడు. దావా మాత్రం బాబాయి కొడుకు పేరున పడింది, అదీ తల్లి మీద. కోర్టు ఆఫీసులో రిజిస్టరుతో సరిచూసినప్పుడు ఏ పేరూ కలవలేదు. అందుకే వారసులందరినీ కేవియటర్లుగా చేర్చండి. అవతల దావా వేసే అవకాశమున్న ప్రతి ఒక్కరి పేరూ, ఇంటిపేరు, తండ్రి పేరు, చిరునామాతో రాయండి. షెడ్యూల్లో సర్వే నంబరు, విస్తీర్ణం పాసుపుస్తకంలో ఉన్నట్టే ఉండాలి, నాలుగు హద్దులూ రాయాలి.

తర్వాత ఆ పేర్లున్న ప్రతి ఒక్కరికీ అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ కావాలని కౌంటరులో చెప్పి అడగండి. రసీదులు కోర్టులో దాఖలు చేసి, కాపీలు దగ్గరుంచుకోండి. నోటీసు వెళ్తే గొడవ పెద్దదవుతుందని కొందరు మానేస్తారు. అలా చేయకండి, చట్టం అడిగేదే అది.

కేవియట్ 90 రోజులే పనిచేస్తుంది. జూన్ 3న వేస్తే సెప్టెంబరు 1 దాకా. ఆలోపు అవతలివాళ్లు రాకపోతే మళ్లీ కొత్తగా వేసి, మళ్లీ నోటీసులు పంపాలి. ఆగస్టు చివరి వారంలోనే లాయరుకు గుర్తుచేయండి.

కేవియట్ ఉండగానే ఆర్డర్ వచ్చేస్తే అది దానంతటదే చెల్లకుండా పోతుందనుకుని ఊరుకోవద్దు. కేవియట్ నంబరు, పోస్టల్ రసీదులు పట్టుకుని వెంటనే అదే కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 4 కింద ఇంజంక్షన్ రద్దుకు పిటిషన్ వేయించండి.